ఆర్డర్ల పనికి సాఫ్ట్‌వేర్ పెట్టే ముందు దాన్ని కాగితం మీద గీయాలి

“వాట్సాప్‌లో ఆర్డరు వస్తుంది, డబ్బులు పడతాయి, ప్యాక్ చేస్తాం, కొరియర్‌కి ఇచ్చేస్తాం. అంతేనండీ.” చిన్న వ్యాపారం నడిపే ఎవర్ని అడిగినా ఆర్డర్ల పని గురించి దాదాపు ఇలాగే చెబుతారు. సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు ఆ నాలుగు ముక్కలూ రాసుకుని వెళ్ళి నాలుగు స్క్రీన్లు తయారుచేస్తారు. మొదటి వారం అందరూ కొత్త మోజులో వాడతారు. రెండో వారంలో ప్యాకింగ్ బల్ల పక్కన పాత రఫ్ నోటుపుస్తకం మళ్ళీ ప్రత్యక్షమవుతుంది. నెల తిరిగేసరికి అసలు పని పుస్తకంలో నడుస్తుంటుంది, సాయంత్రం ఎవరో ఒకరు కూర్చుని అదంతా కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటారు. ఉన్న పనికి ఇంకో పని తోడవుతుంది.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఓనరు కూర్చున్న కుర్చీలోంచి చూస్తే ఆ పని నిజంగా నాలుగు మెట్లే. మిగతా మెట్లన్నీ ఫోన్ చూసే అమ్మాయి బుర్రలో, ప్యాకింగ్ చేసే పెద్దావిడ చేతుల్లో, లెక్కలు రాసే అతని జేబులోని చీటీలో ఉంటాయి. వాళ్ళకి అవి ఊపిరి పీల్చినంత మామూలు కాబట్టి, అడిగినా ఒక పనిగా లెక్కపెట్టి చెప్పరు. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం చెప్పని పని తెలియదు. అందుకే మొదట ఆ మెట్లను బయటికి లాగి అందరికీ కనిపించేలా పెట్టుకోవాలి. దానికి చార్టు పేపరు, స్టికీ నోట్లు, పెన్సిలు చాలు.

పనిని ఇలా బొమ్మగా గీయడం కొత్త సంగతేమీ కాదు. పనులు జరిగే తీరును పరిశోధించిన ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు 1921లో అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం ముందు ‘ప్రాసెస్ చార్ట్’ అనే పద్ధతిని వివరించారు. 1947లో ఆ సంఘమే దానికి అయిదు గుర్తులతో ఒక ప్రామాణిక రూపం ఇచ్చింది. చేసే పనికి గుండ్రం, తనిఖీకి చతురస్రం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్ళడానికి బాణం, నిల్వకు త్రికోణం, ఆగి ఉండటానికి ఇంగ్లీషు ‘డి’ అక్షరం ఆకారం. ఎదురుచూపుకి విడిగా ఒక గుర్తు పెట్టడంలోనే అసలు తెలివి ఉంది. మనం పని గురించి చెప్పేటప్పుడు చేసినవి చెబుతాం గానీ, ఆగినవి చెప్పం.

విజయవాడలో రెండు గదుల్లో నడిచే పచ్చళ్ళ వ్యాపారం ఒకటి తీసుకుందాం. ఇది ఫలానా వ్యాపారమని కాదు, ఇలాంటి చోట్ల మామూలుగా ఎదురయ్యేవన్నీ ఒకే దుకాణంలో కలిపి చెబుతున్నాను. ఓనరు, ఫోన్ చూసే అమ్మాయి, ప్యాకింగ్ చూసే పెద్దావిడ, లెక్కలతో పాటు కొరియర్ పని కూడా చూసే అతను. మొత్తం నలుగురు. చార్టు పేపరును అడ్డంగా పరిచి నలుగురికీ నాలుగు పట్టీలు గీస్తాం. అయిదో పట్టీ కస్టమర్‌ది. ఎవరు చేసిన పని వాళ్ళ పట్టీలో, ఎడమ నుంచి కుడికి వరుసగా వస్తుంది. ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి గీత దాటిన ప్రతిచోటా ఆగి, ఈ సంగతి అవతలి మనిషికి ఎలా తెలిసిందని అడగాలి. కేకేసి చెప్పారా, చీటీ ఇచ్చారా, వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేశారా, లేక వాళ్ళే వచ్చి చూసుకున్నారా? దాగి ఉన్న మెట్లలో చాలావరకు ఈ గీత దాటే చోట్లే దొరుకుతాయి.

ఇక్కడ అడిగే తీరు చాలా ముఖ్యం. “మామూలుగా ఎలా చేస్తారు?” అంటే మామూలు జవాబే వస్తుంది, అంటే ఆ నాలుగు మెట్లు. అలా కాకుండా, “నిన్న వెళ్ళిన పార్శిళ్ళలో ఒకటి చెప్పండి. ఆ ఆర్డరు మొదట ఎప్పుడొచ్చింది? మీరు ఏం చూశారు? తర్వాత ఏం చేశారు?” అని ఒక నిజమైన ఆర్డరు పట్టుకుని అడగాలి. ఫోన్ తెరిచి ఆ చాట్ చూస్తూ చెప్పమనాలి. ఇలా ఈమధ్య వెళ్ళిన ఇరవై ఆర్డర్లు తీసుకుంటే చాలు, కానీ వాటిని ఏరుకునేటప్పుడు సాఫీగా వెళ్ళినవే తీసుకోకూడదు. గొడవైనవి, వెనక్కి వచ్చినవి, డబ్బు వాపసు ఇచ్చినవి అందులో తప్పకుండా ఉండాలి.

ఒక ఆర్డరు వెంట నడుద్దాం. సోమవారం రాత్రి తొమ్మిదింటికి వరంగల్ నుంచి ఒకావిడ మెసేజ్ పెట్టారు. అరకేజీ ఆవకాయ, రెండు కేజీల గుమ్మడి వడియాలు, ఎంతవుతుందో చెప్పండి అని. ఓనరు లెక్కలో ఇది ‘ఆర్డరు రావడం’ అనే ఒక్క మెట్టు. చార్టు మీద ఏం వచ్చిందో చూడండి.

మంగళవారం పొద్దున పదిన్నరకి అమ్మాయి మెసేజ్ చూసింది. సరుకు ధర వెంటనే కట్టేసింది. కొరియర్ ఛార్జీ దగ్గర ఆగి, లోపలి గదివైపు తిరిగి అడిగింది: “పిన్నీ, రెండు కేజీల వడియాలకి ఏ బాక్సు పడుతుంది?” లోపలి నుంచి జవాబు వచ్చింది: “పెద్దదే వెయ్యాలమ్మాయ్, చిన్నదాంట్లో కుక్కితే పొడైపోతాయి.” అప్పుడు ఛార్జీ కట్టి మెసేజ్ పంపింది. మొత్తం అర నిమిషం. దీన్ని ఎవరూ పనిగా అనుకోరు. ఆ కేకలోనే వ్యాపారం లాభం దాగి ఉంది.

ఎందుకంటే కొరియర్‌ కంపెనీ పార్శిల్ బరువు ఒక్కటే చూడదు, అది ఆక్రమించే చోటు కూడా చూస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలాచోట్ల 5000తో భాగిస్తారు. కొన్ని కంపెనీలు ఇంకా చిన్న అంకెతో భాగిస్తాయి. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి ఛార్జీ. పెద్ద బాక్సు 40 × 30 × 25 అనుకుంటే 30,000 వస్తుంది. 5000తో భాగిస్తే 6 కేజీలు. తూకం వేస్తే ఆ పార్శిల్ మూడు కేజీలు దాటదు. అదే మూడు కేజీల ఆవకాయ పార్శిల్ అయితే చిన్న బాక్సులో పట్టేస్తుంది, తూకానికే ఛార్జీ పడుతుంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ చేసే అతనికి “కేజీకి ఇంత కొరియర్ ఛార్జీ” అని ఒక పట్టిక ఇచ్చామనుకోండి. వడియాలు, అప్పడాలు ఉన్న ప్రతి ఆర్డరు మీదా మూడు కేజీలకి వసూలు చేసి ఆరు కేజీలకి కడతాం. నెలాఖరున కొరియర్ బిల్లు వచ్చేదాకా ఆ సంగతి తెలియదు, వచ్చాక కూడా ఏ ఆర్డరు దగ్గర పోయిందో తెలియదు. అమ్మాయి వేసే కేక ఇన్నాళ్ళూ ఆ నష్టాన్ని ఆపుతూ వచ్చింది.

కాబట్టి మాట రూపంలో జరిగే పనిని కూడా స్టికీ నోటు మీద రాసి అంటించాలి. “బాక్సు సైజు అడగడం” అని. తర్వాత ఒక ప్రశ్న: “ఇది మీరు అడక్కపోతే ఏమవుతుంది?” జవాబులో డబ్బో, సరుకో, కస్టమర్ నమ్మకమో పోయేలా ఉంటే అది అసలైన మెట్టే.

ఇక డబ్బులు పడటం. వరంగల్ ఆవిడ మధ్యాహ్నం ఒంటిగంటకి యూపీఐలో పంపి స్క్రీన్‌షాట్ పెట్టారు. అమ్మాయి దాన్ని ఓనరుకి ఫార్వర్డ్ చేసింది, ఎందుకంటే బ్యాంకు మెసేజ్ వచ్చేది ఓనరు ఫోన్‌కి. ఆయన బయట ఉన్నారు. మూడున్నరకి చూసి బొటనవేలు గుర్తు పెట్టారు. కానీ బ్యాంకు మెసేజ్‌లో ఉన్న పేరు వేరే, వాళ్ళాయన పేరు. స్క్రీన్‌షాట్‌లో ఉన్న పన్నెండు అంకెల రిఫరెన్స్ నంబరు చూసి ఇదే అని తేల్చారు. ఈ తేల్చే పని చార్టు మీదకి వచ్చేసరికి దాని చుట్టూ ఒక గుంపే తయారైంది. ఒకే మధ్యాహ్నం ఇద్దరు కస్టమర్లు ఒకే మొత్తం పంపితే? ఎవరో కొరియర్ ఛార్జీ కలపకుండా నలభై రూపాయలు తక్కువ వేస్తే? అమ్మాయి “పర్వాలేదండీ, ఈసారి కలిపి వేయండి” అంటుంది. ఆ నలభై రూపాయల బాకీ చాట్‌లో తప్ప ఎక్కడా లేదు. పాత కస్టమర్ల విషయంలో డబ్బు పడేదాకా ఆగడం ఉండదు, సరుకు ముందే వెళ్ళిపోతుంది. అంటే ఈ వ్యాపారంలో అరువు ఖాతా ఒకటి నడుస్తోంది, దానికి పుస్తకం లేదు, ఎవరికి ఎంతవరకు ఇవ్వచ్చో హద్దూ లేదు. అది చార్టు మీద కనిపించాక ఓనరు మొదటిసారి ఆలోచనలో పడతారు.

డబ్బు పడ్డాకే ప్యాకింగ్ చీటీ బయటికి రావాలన్న రూలు కంప్యూటర్లో పెడితే, పాత కస్టమర్ల ఆర్డర్లు ఆగిపోతాయి. మొత్తం సరిపోతే చాలు ఆర్డరు పాసైనట్టే అని రూలు పెడితే, ఒకరి డబ్బుకి ఇంకొకరి పార్శిల్ వెళ్తుంది. రెండూ సాఫ్ట్‌వేర్ తప్పులుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ముందే అడగని ప్రశ్నలు.

మూడోది సరుకు ఉందా లేదా అన్నది. ఇది ఏ దుకాణానికైనా సులువైన ప్రశ్నే అనిపిస్తుంది. జాడీల్లో 40 కేజీల ఆవకాయ ఉందనుకోండి, కంప్యూటర్లో 40 అని ఉంటుంది. పెద్దావిడ మాత్రం “పంపడానికి లేదు” అంటుంది. మొన్న కలిపిన ఆవకాయ ఊరి, మూడో రోజు తిరగ కలిపి, నూనె చూసి, చాలకపోతే మళ్ళీ పోసి, పైకి నూనె తేలాకే అది పంపే సరుకు. ఆ లోపల ప్యాక్ చేస్తే కవర్లో ముక్క పైకి తేలి, నూనె అందక పాడయ్యే ప్రమాదం ఉంది. ఆవిడ జాడీ మూత తీసి గరిటె తిప్పి చూసి చెబుతుంది. చార్టు మీద ఇక్కడ తనిఖీ గుర్తు వేయాలి. ఆవిడ కళ్ళతో చేసే ఈ తనిఖీని ఏ స్టాకు లెక్కా చేయలేదు. కాబట్టి స్టాకులో ‘ఉన్నది’, ‘పంపగలిగేది’ అని రెండు అంకెలు కావాలని, రెండో అంకె ఆవిడే మార్చాలని ఇక్కడే తేలుతుంది. ఇలాంటి సంగతి కోడ్ రాసిన తర్వాత తెలిస్తే, స్టాకు భాగమంతా తిరిగి రాయాలి.

పెద్దావిడ దగ్గర ఇంకో రకం జ్ఞానం కూడా ఉంటుంది. ఫలానా ఇంటివాళ్ళు వెల్లుల్లి తినరు, వాళ్ళ గోంగూర వేరే జాడీలోంచి. ఫలానా ఆయన ఊరికి పార్శిల్ చేరడానికి ఆలస్యమవుతుంది, రెండు కవర్లు వేసి సీలు చేయాలి. వెల్లుల్లి సంగతి ఆర్డరు మెసేజ్‌లో ఉండదు, ఎందుకంటే కస్టమర్ మూడేళ్ళ కిందట ఒకసారి చెప్పి, మళ్ళీ చెప్పాల్సిన అవసరం లేదనుకున్నారు. కొత్త పద్ధతిలో మొదటి వారమే వాళ్ళకి వెల్లుల్లి గోంగూర వెళ్తే, ఆ ఇల్లు మళ్ళీ ఫోన్ చేయదు. దీన్ని పట్టుకోవాలంటే పెద్దావిడ ప్యాకింగ్ చేస్తుండగా పక్కన నిలబడి, చీటీలో లేనిది ఆవిడ ఏది చేసినా “ఇది మీకెలా తెలుసు?” అని అడగాలి. కూర్చోబెట్టి అడిగితే ఆవిడకి గుర్తురావు. ఆ జాడీ, ఆ పేరు కళ్ళముందుకు వస్తేనే గుర్తొస్తాయి.

మొదటిసారి ఈ పని చేసేటప్పుడు ఓనరు ఆ గదిలో లేకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఆలస్యమైన పార్శిల్‌లో పెద్దావిడ ఒక చిన్న కరివేపాకు పొడి ప్యాకెట్ ఊరికే వేస్తుంటుంది, కస్టమర్ కోపం తగ్గాలని. అమ్మాయి ఒక్కోసారి బాకీ వదిలేస్తుంది. ఇవి ఓనరుకి తెలియకుండా జరిగే మంచి పనులు. ఆయన ఎదురుగా ఉంటే ఒక్కటీ బయటికి రాదు. వచ్చినా “ఎవరిని అడిగి ఇచ్చారు?” అన్న ఒక్క మాటతో ఆ రోజు చార్టు అక్కడే ఆగిపోతుంది. పేర్లు రాయకుండా పని మాత్రమే రాస్తామని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోవాలి.

చార్టు ఒకసారి ఎడమ నుంచి కుడికి పూర్తయ్యాక, అదే దారిలో వెనక్కి నడవాలి. కొరియర్ అబ్బాయి చేతిలో పార్శిల్ పెట్టే చోటి నుంచి మొదలుపెట్టి, ఇది జరగాలంటే ముందు ఏమేం సిద్ధంగా ఉండాలని అడుగుతూ వెనక్కి రావాలి. పార్శిల్ ఇవ్వాలంటే అడ్రసు లేబుల్ కావాలి. లేబుల్ రాయాలంటే పిన్‌కోడ్ కావాలి. పిన్‌కోడ్ ఎవరు అడిగారు? చార్టులో ఎక్కడా లేదు. వెతికితే తెలుస్తుంది, సగం మంది పిన్‌కోడ్ పంపరు, లెక్కలు చూసే అతను నెట్‌లో వెతికి రాస్తాడు. అక్కడితో ఆగదు, ఆ ఊరికి ఈ కొరియర్ వెళ్ళదని తేలితే బస్సు పార్శిల్‌లో వేస్తాడు. అప్పుడు ఛార్జీ మారుతుంది, కస్టమర్ బస్టాండుకి వచ్చి తీసుకోవాలని ఫోన్ చేసి చెప్పాలి. ముందుకి నడిచినప్పుడు కనిపించని ఈ కొమ్మ మొత్తం, వెనక్కి నడిస్తే ఒక్క ప్రశ్నతో బయటపడింది.

ఇప్పుడు టైము రాద్దాం. వరంగల్ ఆర్డరు సోమవారం రాత్రి తొమ్మిదికి వచ్చింది, బుధవారం సాయంత్రం అయిదుకి కొరియర్ తీసుకెళ్ళింది. మొత్తం 44 గంటలు. ఇందులో మనుషుల చేతులు నిజంగా కదిలిన టైము కూడితే అరగంట కూడా కాదు. మిగతాదంతా ‘డి’ గుర్తులే. రాత్రి నుంచి పొద్దుటి దాకా మెసేజ్ ఆగింది, ఓనరు చూసేదాకా స్క్రీన్‌షాట్ ఆగింది. డబ్బు ఓకే అయ్యేసరికి మూడున్నర దాటింది, ప్యాకింగ్ చీటీలు రోజుకి ఒక్కసారే, అదీ పొద్దునే లోపలికి వెళ్తాయి కాబట్టి బుధవారం దాకా ఆగింది. ప్యాకయ్యాక సాయంత్రం పికప్ కోసం ఆగింది.

ఓనరు సాఫ్ట్‌వేర్ కావాలనుకున్నది ఎందుకో ఇప్పుడు అడగండి. “చీటీలు చేత్తో రాయడానికి టైము పడుతోంది, ఆర్డర్లు లేటవుతున్నాయి” అంటారు. చీటీ రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. దాన్ని కంప్యూటర్ చేసినా 44 గంటలు 44 గంటలుగానే ఉంటాయి. బ్యాంకు మెసేజ్ అమ్మాయి దగ్గరున్న ఫోన్‌లో కూడా కనిపించేలా చేసి, చీటీలు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి లోపలికి పంపితే, ఒంటిగంటకి డబ్బు వేసిన ఆవిడ పార్శిల్ మంగళవారం సాయంత్రమే వెళ్ళిపోతుంది. అంటే 20 గంటలు. దానికి ఒక్క లైను కోడ్ కూడా అక్కర్లేదు. నేను చూసినంతలో చార్టు గీయడం వల్ల వచ్చే మొదటి లాభం ఇదే. కొనాలనుకున్న సాఫ్ట్‌వేర్‌లో కొంత భాగం అవసరమే లేదని తెలుస్తుంది.

తర్వాత మిగిలింది మినహాయింపుల లెక్క. కూర్చుని గుర్తుచేసుకుంటే పెద్ద గొడవలే గుర్తొస్తాయి, రోజూ జరిగే చిన్నవి రావు. అందుకని చార్టు దగ్గరే ఒక కాగితం వేలాడదీసి, రెండు వారాల పాటు ఏ ఆర్డరు దారి తప్పినా ఒక గీత గీయమనాలి. డబ్బు తక్కువ పడింది, ఒక గీత. ఆర్డరు మార్చారు, ఒక గీత. ఊరికి కొరియర్ లేదు, ఒక గీత. కారణం రెండు మాటల్లో చాలు.

గీతలు చూసి ఓనర్లు సాధారణంగా నమ్మరు. “ఇన్ని తేడా ఆర్డర్లా? మావి చాలావరకు మామూలువే కదా” అంటారు. చిన్న లెక్క వేసి చూపించాలి. ఆర్డరు దాటాల్సిన మెట్లు ఆరు అనుకుందాం, ఒక్కో మెట్టు దగ్గర పదింటిలో తొమ్మిది నేరుగా వెళ్తాయి, ఒక్కటే పక్కకు తిరుగుతుంది. ఏ మెట్టు దగ్గర నిలబడిన మనిషికైనా “దాదాపు అన్నీ మామూలువే” అనిపిస్తుంది. కానీ 0.9ని ఆరుసార్లు గుణిస్తే 0.53 వస్తుంది. అంటే నూరు ఆర్డర్లలో మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తిరగకుండా వెళ్ళేవి 53 మాత్రమే. మిగతా 47 ఎక్కడో ఒకచోట ఎవరి చేతో సర్దితేనే వెళ్తున్నాయి. మామూలు దారికి మాత్రమే చేసిన సాఫ్ట్‌వేర్ దాదాపు సగం ఆర్డర్లను మోయలేదన్నమాట. పాత నోటుపుస్తకం ఎందుకు తిరిగొస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

అలాగని ప్రతి మినహాయింపునీ కోడ్‌లో పెట్టాలని కాదు. అలా చేసిన సాఫ్ట్‌వేర్‌ని కూడా ఎవరూ వాడలేరు, ప్రతి స్క్రీన్ మీదా పాతిక గడులు ఉంటాయి. ఒక్కో గీతనూ పట్టుకుని, ఇది అసలు జరగకుండా చేయగలమా అని మొదట అడగాలి. డబ్బు వేశాక “ఇంకో అరకేజీ కలపండి” అని ఆర్డరు మార్చేవాళ్ళ సంగతే చూడండి. చీటీ లోపలికి వెళ్ళేదాకా మార్పు తీసుకుంటాం, తర్వాత వస్తే కొత్త ఆర్డరు కిందే లెక్క, అని ఒక హద్దు పెడితే ఆ మినహాయింపు చాలావరకు తగ్గిపోతుంది. డబ్బు అడిగేటప్పుడే మొత్తం, ఆర్డరు నంబరు నింపి ఉన్న యూపీఐ లింకు పంపితే తక్కువ వేసేవాళ్ళు తగ్గుతారు.

తరచుగా వచ్చేది, రూలు స్పష్టంగా ఉన్నది అయితే కంప్యూటర్‌కి ఇవ్వాలి. బాక్సు సంగతి అలాంటిది. పెద్దావిడతో కూర్చుని మూడు బాక్సు సైజులు ఖాయం చేసి, ఏ సరుకు ఎంతకి ఏ బాక్సో రాయించుకుంటే, ఆవిడ జవాబే పట్టికగా మారుతుంది. అమ్మాయి కేక వేయకుండానే ఛార్జీ వస్తుంది. మూడు సైజుల్లో ఇమడనివి ఎప్పుడో ఒకటి వస్తాయి, వాటికి పాత కేకే ఉంటుంది.

మనిషి చూసి తేల్చాల్సింది మనిషికే వదలాలి. ఊరిన ఆవకాయ సిద్ధమైందా లేదా అన్నది పెద్దావిడే చెప్పాలి. సాఫ్ట్‌వేర్ చేయాల్సిందల్లా ఆవిడ జవాబు తీసుకోవడానికి ఒకచోటు ఇవ్వడం, ఆ జవాబు వచ్చేదాకా ఆగడం. ఆవిడ స్మార్ట్‌ఫోన్ వాడకపోతే జాడీకి రంగు చీటీ కట్టించి, దాన్ని చూసి అమ్మాయి కంప్యూటర్లో మార్చినా సరిపోతుంది.

ఇక ఎప్పుడో ఒకసారి వచ్చేవి ఉంటాయి. పండక్కి ఒకే ఆర్డరు పదిళ్ళకి పంపమనేవాళ్ళు, అమెరికాలో ఉన్న పిల్లలకి మాంసం పచ్చడి పంపమనేవాళ్ళు. మాంసంతో చేసిన పదార్థాల మీద అమెరికాలో కఠినమైన ఆంక్షలున్నాయి, కాబట్టి రెండో రకం వాళ్ళకి చెప్పాల్సింది ‘కుదరదు’ అనే. మొదటి రకం ఫోన్ మీదే తేల్చుకోవచ్చు. ఇలాంటి వాటన్నిటికీ కలిపి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కటే కావాలి: ఏ మెట్టు దగ్గరైనా ఆర్డరును ‘ఆపు’లో పెట్టే వీలు. ఎందుకు ఆగిందో ఒక మాట, ఎవరు చూడాలో ఒక పేరు, ఎప్పటిలోపు చూడాలో ఒక తేదీ. కొన్ని రెడీమేడ్ సాఫ్ట్‌వేర్లలో ఆర్డరు స్థితి ‘వచ్చింది, ప్యాకయింది, వెళ్ళింది’ అని మూడు మాటలే ఉంటాయి. ఆగిన ఆర్డరుకి చోటు లేకపోతే అమ్మాయి దాన్ని ‘వచ్చింది’లోనే ఉంచి, విడిగా కాగితం మీద రాసుకుంటుంది. ఆ కాగితమే రెండో నోటుపుస్తకానికి మొదటి పేజీ.

చార్టు ఎప్పుడు పూర్తయినట్టు? గోడ మీద చూడటానికి నిండుగా ఉన్నంత మాత్రాన కాదు. గీసేటప్పుడు వాడని కొత్త ఆర్డర్లు ఓ పది తీసుకుని, ఒక్కోదాన్నీ పెన్సిలుతో చార్టు మీద నడిపించాలి. ఎక్కడైనా పెన్సిలు పైకెత్తాల్సి వచ్చిందంటే అక్కడ ఒక మెట్టు తప్పిపోయింది. “ఇక్కడ నేను అతనితో మాట్లాడతాను”, “ఇది తర్వాత చూసుకుంటాం” లాంటి మాటలు వినిపించినా అంతే. వరసగా ఓ పది ఆర్డర్లు ఎక్కడా ఆగకుండా నడిస్తే మామూలు రోజుల వరకు అది సరిపోతుంది.

మామూలు రోజుల వరకు అని ఎందుకంటున్నానంటే, ఈ పద్ధతి చూడలేనిది ఒకటుంది. జులైలో రెండు వారాలు గీతలు గీస్తే మే నెల ఆవకాయ సీజను అందులో కనిపించదు. కొత్తావకాయ కోసం డబ్బు ముందే కట్టి నెల ఆగేవాళ్ళుంటారు, ఎవరు ముందు కట్టారో ఆ వరస చూడాలి. సంక్రాంతి, దసరా ముందు కొరియర్ వాళ్ళు సరుకు తీసుకోవడమే ఆపేసే రోజులుంటాయి. కాబట్టి పోయిన ఏడాది మే నెల ఆర్డరు పుస్తకం తీసి, అందులోంచి కొన్ని పేజీలను చార్టు మీద నడిపించాలి. పుస్తకం అంచుల్లో గీకిన మాటలు, కొట్టివేతలు, చుట్టూ సున్నా చుట్టిన పేర్లు ప్రత్యేకంగా చూడాలి. ఎవరికో ఏదో గడి చాలక రాసుకున్నవే అవన్నీ.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళకి ఇచ్చేటప్పుడు చార్టు ఫొటో ఒక్కటే ఇస్తే చాలదు. దాంతోపాటు దారి తప్పిన ఆర్డర్లలోంచి ఓ పన్నెండు, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసి, ఉన్నవి ఉన్నట్టు ఇవ్వాలి. వాళ్ళాయన పేరు మీద డబ్బు వచ్చిన ఆర్డరు, ఒకే మొత్తం వేసిన ఇద్దరి ఆర్డర్లు, వడియాల పెద్ద బాక్సు, వెల్లుల్లి లేని గోంగూర, కొరియర్ వెళ్ళని ఊరు. ఒక్కోదానికీ చివరికి ఏం జరగాలో ఓనరు, అమ్మాయి, పెద్దావిడ కలిసి ఒక లైను రాయాలి. ఇక్కడే ముగ్గురికీ మూడు అభిప్రాయాలున్నాయని బయటపడటం మామూలే. పాత కస్టమర్‌కి అరువు ఎంతవరకు అన్నదాని మీద ఓనరు ఒకటంటారు, అమ్మాయి ఇంకోటి చేస్తుంటుంది. ఆ వాదన కోడ్ రాయక ముందే జరిగిపోవడం మంచిది. డెమో రోజున “చూడండి, ఆర్డరు పెట్టాను, వెళ్ళిపోయింది” అని మామూలు ఆర్డరు చూపిస్తే ఒప్పుకోకుండా, ఈ పన్నెండూ నడిపించి చూపించమనాలి.

మొదలుపెట్టాక రెండు వారాలు పుస్తకం, కంప్యూటరు రెండూ నడపాలి. రోజూ సాయంత్రం రెండిట్లోనూ మూడు అంకెలు పోల్చితే చాలు: ఎన్ని పార్శిళ్ళు వెళ్ళాయి, ఎంత డబ్బు వచ్చింది, ‘ఆపు’లో ఎన్ని ఉన్నాయి. మొదటి రెండిట్లో తేడా వస్తే ఆ రోజు ఆర్డర్లలోనే కారణం దొరుకుతుంది. మూడోది ఎక్కువగా చూడాల్సిన అంకె. పుస్తకంలో ఆరు ఆర్డర్లు ఆగి ఉండి, కంప్యూటర్లో సున్నా ఉందంటే, ఎవరో ఎక్కడో మళ్ళీ చీటీ మీద రాసుకుంటున్నారని అర్థం. ఆ చీటీ అడిగి తీసుకుని, అందులో ఉన్నది చార్టు మీద ఏ గీత దగ్గర అంటించాలో వాళ్ళనే చూపించమనాలి.